అధ్యాయం 4: షాఫ్ట్ బయటి వ్యాసంపై నియంత్రణ చార్టుల ఫలితాలు, ప్రాసెస్ సామర్థ్యం

4.1 డేటా సేకరణ

హైదరాబాద్ బాలానగర్‌లోని ఒక మెషినింగ్ యూనిట్‌లో ఈఎన్8 స్టీలు షాఫ్టుల ఫినిష్ టర్నింగ్‌ను పరిశీలించాం. డ్రాయింగ్ ప్రకారం బయటి వ్యాసం 25.000 ± 0.050 మి.మీ. ఉండాలి. ఒకే సీఎన్‌సీ లేత్ మీద, ఒకే రోజు రెండు షిఫ్టుల్లో, అరగంటకోసారి వరుసగా వచ్చిన 5 షాఫ్టులను తీసుకుని మొత్తం 25 సబ్‌గ్రూపులు సేకరించాం. కొలతకు 0.001 మి.మీ. లీస్ట్ కౌంట్ ఉన్న డిజిటల్ మైక్రోమీటర్ వాడాం. షాఫ్టు వేడిగా ఉండగా కొలవలేదు. ఈ వ్యాసానికి 20 డిగ్రీల తేడా ఉంటే స్టీలు సుమారు 0.006 మి.మీ. వ్యాకోచిస్తుంది. మనం వెతుకుతున్న మార్పు కూడా దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి ఈ జాగ్రత్త తప్పనిసరి.

4.2 తొలి నియంత్రణ పరిమితులు

సబ్‌గ్రూపు పరిమాణం 5 కాబట్టి ఎక్స్-బార్, ఆర్ చార్టులు ఎంచుకున్నాం. 25 సబ్‌గ్రూపుల సగటు 25.0124 మి.మీ., సగటు రేంజ్ 0.0326 మి.మీ. వచ్చాయి.

```
n = 5: A2 = 0.577, D3 = 0, D4 = 2.114
X̄:  UCL = 25.0124 + 0.577 × 0.0326 = 25.0312
     LCL = 25.0124 − 0.577 × 0.0326 = 24.9936
R:   UCL = 2.114 × 0.0326 = 0.0689,  LCL = 0
```

ఆర్ చార్టులో పాయింట్లన్నీ పరిమితుల లోపలే ఉన్నాయి. ఎక్స్-బార్ చార్టులో మాత్రం 17వ సబ్‌గ్రూపు (25.0380), 18వది (25.0344) పై పరిమితి దాటాయి. 17వ సబ్‌గ్రూపు రీడింగులు ఇవి: 25.022, 25.061, 25.035, 25.041, 25.031. వీటిలో 25.061 టాలరెన్స్‌ను కూడా దాటింది, అంటే ఆ షాఫ్టు రిజెక్టే.

అంతకన్నా ముఖ్యమైనది దానికి ముందున్న వరుస. 12 నుంచి 17 వరకు సగటులు 25.0072, 25.0104, 25.0148, 25.0206, 25.0274, 25.0380గా ఆరు పాయింట్ల పాటు ఆగకుండా పెరిగాయి. పాయింటు పరిమితి దాటకముందే చార్టులో ఈ పెరుగుదల కనిపిస్తూ వచ్చిందన్నమాట. ఇన్సర్ట్ ముక్కు అరిగితే టూల్ తగినంత లోతు కోయదు, వ్యాసం పెరుగుతూ పోతుంది. షాప్ ఫ్లోర్‌లో విచారిస్తే, 4వ సబ్‌గ్రూపుకు ముందు వేసిన ఇన్సర్టే షిఫ్ట్ మారాక కూడా కొనసాగిందని తేలింది. 18వ సబ్‌గ్రూపు తర్వాత అంచు మార్చగానే 19వ సగటు 25.0046కు దిగింది.

4.3 సవరించిన పరిమితులు

కారణం రుజువైంది కాబట్టే 17, 18 సబ్‌గ్రూపులను తొలగించాం. కారణం దొరకకపోతే వాటిని ఉంచేవాళ్లమే. చార్టు బాగా కనిపించాలని పాయింట్లు తీసేస్తే ఆ పరిమితులను ఎవరూ నమ్మనక్కర్లేదు. 12 నుంచి 16 వరకు పాయింట్లు పరిమితుల లోపలే ఉన్నాయి కనుక అలాగే ఉంచాం. మిగిలిన 23 సబ్‌గ్రూపుల సగటు 25.0103, సగటు రేంజ్ 0.0318.

```
X̄:  UCL = 25.0286,  LCL = 24.9920
R:   UCL = 0.0672,   LCL = 0
```

ఈ పరిమితుల్లో పాయింట్లన్నీ లోపలే ఉన్నాయి. అయితే 16వ సగటు (25.0274) పై గీతకు బాగా దగ్గరగా ఉంది.

4.4 ప్రాసెస్ సామర్థ్యం

నియంత్రణ పరిమితులు ప్రాసెస్ నుంచి వస్తాయి, టాలరెన్స్ డ్రాయింగ్ నుంచి వస్తుంది. ఈ రెండింటినీ కలిపి చూసేది సామర్థ్య సూచికలే. 115 రీడింగుల హిస్టోగ్రామ్ దాదాపు నార్మల్ ఆకారంలో ఉన్నందున వాటిని లెక్కించాం.

```
σ   = 0.0318 / 2.326 = 0.0137
Cp  = 0.100 / (6 × 0.0137) = 1.22
Cpk = (25.050 − 25.0103) / (3 × 0.0137) = 0.97
```

కింది వైపు సూచిక 1.47 ఉంది కాబట్టి సమస్యంతా పై వైపే. సీపీ, సీపీకేల మధ్య ఉన్న ఈ తేడాయే మా ప్రాజెక్టులో అసలు ఫలితం. మెషిన్‌కు సత్తువ ఉంది, సెట్టింగ్ 0.010 మి.మీ. పక్కకు జరిగింది. ఇప్పుడున్న స్థితిలో లక్షకు సుమారు 190 షాఫ్టులు పై టాలరెన్స్ దాటతాయని అంచనా. మధ్యలోకి తెస్తే లక్షకు సుమారు 26 మాత్రమే.

115 రీడింగుల మొత్తం విచలనం 0.0149 తీసుకుంటే పీపీ 1.12, పీపీకే 0.89 వస్తాయి. షిఫ్టు పొడవునా టూల్ అరుగుదల కలిపే మార్పును సీపీకే పట్టుకోదు, పీపీకే పడుతుంది. అందుకే కస్టమర్‌కు ఇచ్చే నివేదికలో రెండూ చూపాలని మా అభిప్రాయం.

4.5 సిఫార్సులు

వేర్ ఆఫ్‌సెట్‌ను వ్యాసంలో −0.010 మి.మీ. సవరించాలి. అరగంటకు సుమారు 10 షాఫ్టులు వస్తున్నాయి. ఈ లెక్కన అంచు మార్చిన దగ్గర్నుంచి 17వ సబ్‌గ్రూపు వరకు దాదాపు 130 షాఫ్టులు తయారయ్యాయి. కాబట్టి 110 షాఫ్టులకే అంచు మార్చాలి, షిఫ్ట్ మారేటప్పుడు ఆ లెక్కను లాగ్‌బుక్‌లో రాసి తర్వాతి ఆపరేటర్‌కు అప్పగించాలి. సెట్టింగ్ సరిచేసినా సీపీకే 1.22 దగ్గరే ఆగుతుంది. 1.33 కావాలంటే సిగ్మా 0.0125కు తగ్గాలి, దానికి చక్ బిగింపు, బార్ ముడిసరుకు వ్యాసంలో తేడాలను విడిగా పరిశీలించాలి.