అమ్మ జాడీ

తమ్ముడి పెద్దకర్మకు వచ్చి, విస్తరి ముందు కూర్చునే ధైర్యం చాలక వాకిట్లోనే నిలబడిపోయిన సుబ్బన్న దగ్గరికి, 45 ఏళ్లుగా ఆ రెండిళ్ల మధ్య నడవని మాటను మరదలే మోసుకొచ్చింది.

“నీళ్లు దిగినప్పుడు హద్దురాయి కింద అమ్మ జాడీ ఉంటుంది, అన్నను తెచ్చుకోమను అని పోయే ముందురోజు చెప్పినాడు బావా, అంతకుమించి నాకేమీ తెలియదు.”

శ్రీశైలం జలాశయం 885 అడుగుల నిండు మట్టం నుంచి తగ్గుతూ తగ్గుతూ వచ్చి, సంగమేశ్వరుడి గుడి శిఖరం బయటపడి, ఒండ్రు ఆరిన చోటల్లా జనం నాగళ్లు కట్టేదాకా ఆయన రోజూ ఒడ్డుకు వెళ్లి చూసి వచ్చాడు. ఆ తరువాత ఒకనాటి తెల్లవారుజామున తమ్ముడి మనవణ్ణి వెంటబెట్టుకుని, గడ్డపార కర్రలా ఊతం చేసుకుంటూ, మునిగిన ఊరి మోటబావి ఆనవాలు పట్టుకుని పాత చేలోకి దిగాడు.

రాయి తాను పాతిన చోటే ఉంది.

ముంపు భూములకు పరిహారం కట్టడానికి అమీను వస్తున్నాడని తెలిసిన వారం, తనకు నలుగురు ఆడపిల్లలూ తమ్ముడికి ఒక్కడే కొడుకూ అని మనసుకు నచ్చజెప్పుకుని, ఆ రాయిని ఒక రాత్రి పెకలించి 4 గజాలు అవతలికి జరిపి 10 సెంట్లు కలుపుకున్నవాడు సుబ్బన్న. కొలతల ముందురోజు సాయంత్రం రచ్చబండ దగ్గర కరణం అనుమానపడి, “మీ నాయన ప్రతి హద్దురాయి కిందా బొగ్గులు పోసి పాతినాడు, రేపు తవ్విస్తే జరిగిందో లేదో తెలుస్తుంది” అన్నప్పుడు, పక్కనే ఉన్న తమ్ముడు అన్న ముఖం ఒక్కసారి చూసి, ఏమీ అనకుండా తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. ఆ రాత్రంతా సుబ్బన్న, తెల్లవారితే ఊరి ముందు తలెత్తుకోలేనని భార్యకు కూడా చెప్పుకోలేక, కప్పు వాసాలు లెక్కపెడుతూ పడుకున్నాడు.

మర్నాడు తలారి మూరెడు లోతు తవ్వగానే గుప్పెడు బొగ్గులు పైకి వచ్చాయి, కరణం తల వంచుకున్నాడు, అమీను కాగితం మీద గీత గీశాడు. రాయి తన చేతులతో జరిపినవాడే అయినా, తండ్రి నిజమైన హద్దు ఇదే అయి ఉండాలనీ, తాను జరిపింది మరెవరో ఎప్పుడో జరిపిన రాయినే అనీ సుబ్బన్న నమ్మడం మొదలుపెట్టాడు. మనిషికి తన మేలు కోసం కావలసిన నమ్మకం దొరకడానికి ఒక్క పూట చాలు. ఆ నమ్మకంతో వచ్చిన ధీమాతోనే, ఆ ఏడు తల్లి తద్దినం నాడు తమ్ముడి వంతుకు వచ్చిన ఊరగాయ జాడీ అటక మీద కనబడకపోతే, “తల్లి గుర్తును తాగి అమ్ముకున్నాడు” అని నలుగురు చుట్టాల మధ్య నోరు పారేసుకున్నాడు. చుక్క ఎరగని తమ్ముడు దానికి జవాబు చెప్పలేదు, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

“పెద్దతాతా, ఏదో తగులుతోంది” అని కుర్రవాడు గడ్డపార పక్కన పడేసి చేతులతో మట్టి తీశాడు.

మెడ దగ్గర గోధుమరంగు పట్టీ ఉన్న జాడీ, చిన్నప్పుడు సుబ్బన్న చేయి జారి అంచు పెచ్చు లేచిన ఆ జాడీయే, మూత లేకుండా నిటారుగా నిలబెట్టి ఉంది. దాని నిండా బొగ్గులు, మెడ దాకా మెత్తిన ఒండ్రు.

సుబ్బన్న బోర్లించిన అరచేతిని ఆ బొగ్గుల మీద పెట్టి కొంతసేపు అలాగే ఉండిపోయి, తరువాత లేచి, వంగిన నడుముతో ఒక్కొక్క అడుగూ పైకే లెక్కపెడుతూ 4 గజాలు వెనక్కి నడిచి, అక్కడ మడమతో గీత గీసి తవ్వమన్నాడు.

నడుం లోతు గుంట అయినా ఒక్క బొగ్గు ముక్క కూడా కనబడలేదు.

“ఇక్కడేమీ లేదు పెద్దతాతా, ఎవరో ముందే తోడుకుపోయినట్టున్నారు.”

“మీ తాతే” అని సుబ్బన్న జాడీని వాడి చేతికిచ్చి, దాన్ని ఇంటికి తీసుకెళ్లి నాయనమ్మకు ఇమ్మనీ, బొగ్గులు మాత్రం ఇక్కడే పొయ్యమనీ చెప్పాడు.

గుంటలో బొగ్గులు పోసిన కుర్రవాడు, రాయి మొదట్లో గడ్డపార దూర్చి ఒంటరిగా పెకలించబోతున్న ఆ ముసలాయన్ను చూసి, “పైన మహారాష్ట్రలో వానలు పడితే రెండు నెలల్లో ఇదంతా మళ్లీ మునిగిపోయేదే కదా, ఎవరు చూస్తారని?” అన్నాడు.

“ఆ కొస పట్టుకో” అన్నాడు సుబ్బన్న.