విషయం: ఓ అండ్ ఎం మేనేజర్ ఉద్యోగానికి దరఖాస్తు - 21 ఏళ్ల సర్వీసు వదిలి ఎందుకు వస్తున్నానంటే

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం.

అనంతపురం జిల్లాలో మీరు కట్టిన ఫీడర్ సోలార్ ప్లాంట్లకు ఓ అండ్ ఎం మేనేజర్ కావాలన్న ప్రకటన చూసి రాస్తున్నాను. రోజూ రైతులతో, లైన్‌మెన్‌తో మాట్లాడాల్సిన పని కాబట్టి ఉత్తరం తెలుగులోనే రాయమన్నారు. సంతోషం. రెజ్యూమె జత చేశాను. 46 ఏళ్ల వయసులో, 21 ఏళ్ల సర్వీసు ఉన్నవాడు గవర్నమెంటు ఉద్యోగం వదులుకుని ప్రైవేటుకు ఎందుకు వస్తున్నాడన్న సంగతి మాత్రం రెజ్యూమెలో దొరకదు. మీరైనా మొదట అడిగేది అదే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

నేను 2004లో ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థలో ఏఈగా చేరాను. ఇప్పుడు ఆపరేషన్ ఏడీఈని. నా మీద కేసులు, చార్జిమెమోలు ఏమీ లేవు. పై అధికారులతో గొడవపడి వస్తున్నవాణ్ణీ కాదు. నాకు పని నేర్పింది ఆ సంస్థే, ఇల్లు నిలబెట్టింది ఆ జీతమే.

కానీ నాకు చేతనైన పని, ఇష్టమైన పని ఫీడర్ మీద ఉంది. ఏఈగా ఉన్నప్పుడు రోజంతా లైన్ల మీదే తిరిగేవాణ్ణి. ఏడీఈ అయ్యాక అది సగమైంది. గత నాలుగేళ్లుగా రోజులో ఎక్కువ భాగం టెలికాన్ఫరెన్సులు, బకాయిల వసూళ్ల సమీక్షలు, ఎంక్వైరీ రిపోర్టులతోనే గడుస్తోంది. అవీ ఎవరో ఒకరు చేయాల్సినవే, కాదనను. వచ్చే ప్రమోషన్‌తో డివిజన్ ఆఫీసుకు వెళితే మిగిలిన ఆ సగం కూడా పోతుంది. ఇంకా 15 ఏళ్లు గట్టిగా పనిచేయగలను. వాటిని ఫీడర్ మీదే గడపాలని ఉంది.

మరి సోలార్ ఎందుకంటారా? మీ ప్లాంటు సబ్‌స్టేషన్ పక్కనే ఉండి 11 కేవీకి కరెంటు ఇస్తుంది. లైను ట్రిప్పయితే ఇన్వర్టర్లు కూడా ఆగిపోతాయి. ప్యానెళ్లు ఎంత బాగున్నా, ఎండ ఎంత కాసినా, లైను లేని ప్రతి నిమిషం మీకు యూనిట్ల నష్టమే. అంటే మీ ప్లాంటు ఆరోగ్యంలో సగం కంచె బయట ఉంది. ఆ బయట సంగతి నాకు బాగా తెలుసు.

ఒక ఉదాహరణ చెబుతాను. చీనీ తోటల మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఒకే సీజన్‌లో మూడుసార్లు కాలిపోయింది. మూడుసార్లూ మార్చాం. లోడు లెక్కవేస్తే సరిపోతోంది, ఆయిల్ బాగుంది, ఎర్తింగ్ బాగుంది. నాలుగోసారి కాలకముందే చూద్దామని సరఫరా ఇచ్చే వేళకు కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. కరెంటు వచ్చిన క్షణంలోనే మోటార్లన్నీ ఒక్క ఊపున లేచాయి. అన్నిటికీ ఆటో స్టార్టర్లే. ఒకప్పుడు అర్ధరాత్రి సరఫరా ఇచ్చినప్పుడు, చీకట్లో పాములకు భయపడి రైతులు పెట్టుకున్నవి అవి. వాళ్ల తప్పేమీ లేదు. పగటి సరఫరా వచ్చాక కూడా అవి అలాగే ఉండిపోయాయి.

నోటీసులు ఇవ్వలేదు. ఆ సాయంత్రం వేపచెట్టు కింద అందరినీ కూర్చోబెట్టి, మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలుకంటే ఎన్ని రెట్లు కరెంటు లాగుతుందో మీటర్‌లోనే చూపించాను. "సారూ, ఇది ముందే చెప్పుంటే తీసేసేవాళ్లం కదా" అన్నాడు ఒక పెద్దాయన. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. ఆటో స్టార్టర్లు తీసేశారు, ఒకరి తర్వాత ఒకరు వేసుకునేలా వంతులు పెట్టుకున్నారు, కెపాసిటర్లు బిగించుకున్నారు. నేను అక్కణ్ణించి బదిలీ అయ్యేవరకు ఆ ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ కాలలేదు. మీ ప్లాంట్లు ఉన్న ఫీడర్లలో నేను చేయాలనుకుంటున్న పని ఇదే.

ఇంకొక విషయం నాకు అన్నిటికంటే ముఖ్యం. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపేశామన్న అనుమతి, తీసుకుంటాడు. ఇన్నాళ్లూ కరెంటు వచ్చే దారి ఒక్కటే, సబ్‌స్టేషన్ వైపు నుంచి. అదే లైనుకు సోలార్ ప్లాంటు కలిస్తే రెండో దారి ఏర్పడినట్టే. గ్రిడ్ పోతే ఇన్వర్టర్ దానంతటదే ఆగుతుంది, నిజమే. అయినా స్తంభం మీద మనిషి ఉన్నప్పుడు దాని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ప్లాంటు వైపు బ్రేకర్ తీసి, ఐసొలేటర్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎల్‌సీ పుస్తకంలో రాయాలి. లైనుకు రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేయాలి. నన్ను తీసుకుంటే మొదటి వారంలోనే ప్రతి ప్లాంటులో, దాని సబ్‌స్టేషన్‌లో ఇద్దరు ఆపరేటర్లనూ కూర్చోబెట్టి ఈ పద్ధతి రాయిస్తాను.

సోలార్ నాకు పూర్తిగా కొత్త కాదు. ఇళ్ల మీద ప్యానెళ్లకు నెట్ మీటరింగ్ కనెక్షన్లు పరిశీలించి ఇచ్చాను. మా ఇంటి మీద 3 కిలోవాట్లు పెట్టించి ఏడాదిగా రోజూ రీడింగ్ నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మా ఊళ్లో మే నెల ఎండల కంటే మార్చిలోనే రోజుకు యూనిట్లు ఎక్కువ వచ్చాయి, వేడికి ప్యానెల్ దిగుబడి తగ్గుతుంది కాబట్టి. మూడు వారాలు కడగకుండా వదిలేస్తే రోజుకు 12.4 యూనిట్ల నుంచి 10.8కి పడిపోయింది. దుమ్ము మన జిల్లాలో చిన్న విషయం కాదు. అయితే పెద్ద ప్లాంట్ల మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ మీద నేను ఇంతవరకు పనిచేయలేదు. అది మీ దగ్గర నేర్చుకోవాలి, వయసులో చిన్నవాళ్ల దగ్గరైనా సరే.

ఒక మాట ముందే స్పష్టంగా చెప్పాలి. డిస్కమ్‌లో తెలిసినవాళ్లు ఉన్నారు కదా, ఫైళ్లు త్వరగా కదులుతాయి అనే ఆలోచన ఉంటే దయచేసి నన్ను తీసుకోకండి. ఆ పని చేయను. ఏ కాగితం లేక ఫైలు ఆగిందో చెప్పి, ఆ కాగితం సరిగ్గా తయారుచేసి ఇవ్వగలను. మీ ప్లాంట్లేవీ నా సబ్‌డివిజన్‌లో లేవు, మీ కంపెనీ ఫైలు ఏదీ నా టేబుల్ మీదికి రాలేదు. ఈ దరఖాస్తు గురించి ఆఫీసులో రాసి ఇచ్చి ఎన్‌ఓసీ తీసుకున్నాను. కాపీ జతచేశాను.

ప్రకటనలో చెప్పిన జీతం నాకిప్పుడు వచ్చేదానికంటే తక్కువని తెలుసు. మా ఆవిడ టీచరు, ఇంటి లోను తీరిపోయింది. ఇంట్లో అందరం కూర్చుని లెక్కలు వేసుకున్నాకే రాస్తున్నాను. మా నాన్న మాత్రం ఇంకా టెన్షన్ పడుతున్నారు. ఆరు నెలలు పోయాక వెనక్కి వెళ్లిపోతానన్న అనుమానం మీకు వద్దు. స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఆ సంగతి తెలిసే ఈ నిర్ణయానికి వచ్చాను.

పదవీ విరమణకు మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. మీరు అవునంటే మర్నాడే ఇస్తాను. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో అయినా, ప్లాంటు దగ్గరైనా ఏ శనివారమైనా రాగలను. ప్లాంటు దగ్గరే పెడితే మరీ మంచిది. ఆ ఫీడర్ గత మూడు నెలల ట్రిప్పింగ్ రిజిస్టర్ చూపించండి, అందులో మీ యూనిట్లు ఎక్కడ పోతున్నాయో అక్కడే కూర్చుని మాట్లాడుకుందాం.

ఫోన్ నంబరు రెజ్యూమెలో ఉంది. సాయంత్రం ఆరు తర్వాత చేస్తే తీరిగ్గా మాట్లాడగలను.

ఇట్లు,
కె. రామాంజనేయులు
ఏడీఈ (ఆపరేషన్)

జతపరచినవి: రెజ్యూమె, బీటెక్ సర్టిఫికెట్, సర్వీసు వివరాలు, ఎన్‌ఓసీ కాపీ