పటమటలో పొడి చెత్త రీసైక్లింగ్ కేంద్రానికి ఆర్థిక సహాయం: ప్రతిపాదన

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
ఆటోనగర్, విజయవాడ

అయ్యా,

మా కాలనీలో 600 ఇళ్లున్నాయి. పాల కవర్లు, సీసాలు, అట్టపెట్టెలు తడి చెత్తతో కలిసిపోయి ఎందుకూ పనికిరాకుండా పోతున్నాయి. కొన్ని బందరు కాలువలో తేలుతున్నాయి. వాటిని వేరుచేసి అమ్మే కేంద్రాన్ని సంఘానికున్న పాత షెడ్డులో పెట్టాలని తీర్మానించాం.

ఖర్చు (రూపాయల్లో):
షెడ్డు మరమ్మతు, కరెంటు: 1,80,000
బేళ్లు కట్టే ప్రెస్సు: 2,40,000
కాటా, బల్లలు: 45,000
చేతి తొడుగులు, బూట్లు, మాస్కులు: 35,000
ఇద్దరికి ఆరు నెలల జీతం: 1,44,000
మొత్తం: 6,44,000

ఇందులో 94,000 మేం చందాలుగా పోగుచేశాం. మిగతా 5,50,000 మీ సీఎస్‌ఆర్ నిధుల నుంచి కోరుతున్నాం. పర్యావరణ పరిరక్షణ కూడా కంపెనీల చట్టం 7వ షెడ్యూల్లో ఉన్నదే. ప్రెస్సు ఖరీదెక్కువే, కానీ అది లేకపోతే ఆటో నిండా గాలినే మోసుకెళ్లినట్టు, కిరాయికే డబ్బు చాలదు.

ఇంటికి నెలకు 5 కిలోల లెక్కన 3 టన్నులు వస్తుందని అంచనా. కిలోకు సగటున 10 రూపాయలు పలికినా 30,000. జీతాలకు 24,000 పోతే మిగిలింది కరెంటుకు, రవాణాకు. ఏడో నెల నుంచి మళ్లీ మిమ్మల్ని అడగం.

ఆ ఇద్దరూ ఇప్పుడు మా వీధుల్లో ఒట్టి చేతులతో చిత్తు ఏరుకునే అక్కచెల్లెళ్లే. గాజు పెంకులు గుచ్చుకున్న ఆ చేతులు చూశాకే ఈ పనికి దిగాం. మీరు ఒక్కసారి వచ్చి షెడ్డు చూడండి. తూకం పుస్తకం, ఖర్చుల బిల్లులు ప్రతినెలా మీకు పంపుతాం.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ నివాసుల సంక్షేమ సంఘం, పటమట