ఊటబావుల ఉప్పదనంపై వ్యాసం: సంపాదకులకు లేఖ

అమలాపురం,
18 నవంబరు 2024

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ‘కాలువలు కట్టేసిన వేసవిలో సఖినేటిపల్లి మండలం ఊటబావుల ఉప్పదనం’ అనే వ్యాసాన్ని మీ పరిశీలన కోసం ఈ లేఖతో పంపుతున్నాను. పర్యావరణ శాస్త్రంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పత్రికకు పరిశోధన వ్యాసం పంపడం నాకిదే మొదటిసారి.

దాళ్వా కోతలయ్యాక ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలు కట్టేస్తారు. పూడిక తీయాలన్నా, గట్లు బాగుచేయాలన్నా అదే అదను. అయితే మా ప్రాంతంలో కాలువ చేనుకే కాదు, నేలలోకి ఇంకి బావులకూ నీళ్ళిస్తుంది. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా నిలుస్తుంది. పైనుంచి ఇంకే నీళ్ళు ఆగితే ఆ పొర పలచబడుతుంది. కాలువకు దగ్గరి బావుల్లోనూ, దూరపు బావుల్లోనూ క్లోరైడు, విద్యుత్ వాహకత కొలిచి ఆ మార్పును చూపించాం. దూరపు బావులు ముందు ఉప్పెక్కాయి. కాలువలకు నీళ్ళు వదిలాక కోలుకోవడంలోనూ అవే వెనకబడ్డాయి.

పట్టికలో ఒక వరుస గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రతి కొలత పక్కన, ఆ బావి నీళ్ళు వాడే ఆడవాళ్ళు ఆ రోజు ఏమన్నారో రాశాం. ‘పప్పు ఉడకట్లేదు’, ‘టీ విరిగిపోతోంది’, ‘సబ్బు నురగ రావట్లేదు’ లాంటివి. కొన్ని బావుల్లో మీటరు అంకె పెద్దగా కదలకముందే ఈ మాటలు మొదలయ్యాయి. పప్పు ఉడకకపోవడానికీ, నురగ రాకపోవడానికీ నీటి కాఠిన్యం కారణం కావచ్చని వ్యాసంలోనే రాశాం. ఇది శాస్త్రీయ కొలత కాదని సమీక్షకులు అనవచ్చు. అయినా ఆ వరుస తీసేయవద్దని నా మనవి. రోజూ ఆ నీళ్ళతో వండే మనిషి గమనింపు మీటరు లేని ఊళ్ళలో ఉపయోగపడుతుందని నా నమ్మకం.

పరిమితులు కూడా దాచలేదు. ఇది ఒక మండలం, ఒక వేసవి. రొయ్యల చెరువులను ఆనుకున్న బావులను లెక్కలోంచి తప్పించాం. వాటిలో ఉప్పు సముద్రం వైపు నుంచి వచ్చిందో, చెరువు నుంచి ఇంకిందో ఈ కొలతలతో తేల్చలేం.

ఈ వ్యాసం ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. సహరచయిత అయిన మా గైడ్ గారు తుది ప్రతి చదివి అంగీకరించారు. ఎవరి ఆర్థిక సహాయమూ లేదు, స్వప్రయోజనాలూ లేవు. బావుల యజమానుల అనుమతి తీసుకున్నాం. ఇళ్ళ గుర్తులు బయటపెట్టబోమని మాటిచ్చాం కాబట్టి మ్యాపులో బావులకు అంకెలే ఉంటాయి. ముడి కొలతలన్నీ అనుబంధంగా జతచేశాను.

డెల్టా భూగర్భజలాల మీద పనిచేసిన వారు సమీక్షిస్తే సంతోషిస్తాను. ఒక్క విన్నపం. అదనపు కొలతలు అవసరమనిపిస్తే ఏప్రిల్‌లోపు తెలియజేయండి. ఆ తర్వాత కాలువలు మళ్ళీ కట్టేస్తారు, ఆ కొలతలు తీయడానికి వీలయ్యేది అప్పుడే.

భవదీయురాలు,
సుజాత