ఇంటర్న్‌షిప్ నివేదిక: విశాఖపట్నం మధురవాడలోని నివాస భవన నిర్మాణంలో పరిశీలనలు, కవర్ మందంపై నాణ్యతా తనిఖీ

పని స్థలం, కాలం

సివిల్ ఇంజినీరింగ్ నాలుగో సంవత్సరం పాఠ్యప్రణాళికలో భాగంగా 2025 మే 12 నుంచి జూలై 5 వరకు ఎనిమిది వారాల పాటు మధురవాడలో నిర్మాణంలో ఉన్న ఒక అపార్ట్‌మెంట్ భవనంలో శిక్షణ పొందాను. కింద వాహనాలు నిలిపే స్టిల్ట్, దానిపై ఐదు అంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు ఉన్న ఆర్‌సీసీ కట్టడం ఇది. నేను చేరే నాటికి మూడో అంతస్తు పైకప్పు స్లాబ్ పూర్తయింది. నేను ఉండగా నాలుగో, ఐదో అంతస్తుల స్లాబులు వేశారు. సైట్ ఇంజినీర్ గారి వద్ద నేర్చుకుంటూ కొలతలు రాసుకోవడం, కాంక్రీటు వచ్చిన ప్రతి ట్రిప్పుకూ స్లంప్ పరీక్ష చేయడం, క్యూబులు పోయడం నాకు అప్పగించిన పనులు.

భవనం సముద్రానికి మరీ దగ్గరగా లేకపోయినా ఉప్పుగాలి తగిలే ప్రాంతం కావడంతో డిజైనర్లు దీనిని ఐ.ఎస్. 456:2000లోని ‘మోడరేట్’ వాతావరణ తరగతిలో చేర్చారు. ఆ తరగతికి కోడ్ ప్రకారం ఆర్‌సీసీ కాంక్రీటు కనీసం ఎం25 గ్రేడుదై ఉండాలి, నీరు-సిమెంటు నిష్పత్తి 0.50 దాటకూడదు, కడ్డీలపై కవర్ 30 మి.మీ.కు తగ్గకూడదు. ఈ మూడింటిలో మొదటి రెండింటి మీద సైట్‌లో అందరి దృష్టీ ఉంటుంది. మూడోదాని మీద అంత దృష్టి లేదని నాకు అనిపించింది. నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించడానికి కారణం అదే.

రోజువారీ పరిశీలనలు

నాలుగో అంతస్తు కాలమ్‌లకు షట్టరింగ్ విప్పినప్పుడు ఒక మూల కాలమ్ అడుగున సుమారు జానెడు ఎత్తు వరకు తేనెపట్టులా గుల్లగా కనిపించింది. షట్టరింగ్ పలకకూ స్లాబ్‌కూ మధ్య సందును సరిగా మూయకపోవడంతో సిమెంటు పాలు కారిపోయి కంకర మాత్రమే మిగిలింది. వదులుగా ఉన్న భాగాన్ని గట్టి కాంక్రీటు తగిలే వరకు చెక్కి, కడిగి, కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపారు. మరుసటి కాలమ్‌ల నుంచి పలకల అడుగున నురుగు పట్టీ అతికించాక ఈ లోపం మళ్లీ కనిపించలేదు.

నాలుగో అంతస్తు స్లాబ్‌ను జూన్ 6న వేశారు. స్లాబ్, బీమ్‌లు కలిపి 46 ఘనపు మీటర్ల కాంక్రీటు ఎనిమిది ట్రిప్పుల్లో రెడీమిక్స్ ప్లాంటు నుంచి వచ్చింది. ఏడు ట్రిప్పుల్లో స్లంప్ 110 నుంచి 130 మి.మీ. మధ్య ఉంది. ఆరో ట్రిప్పు జాతీయ రహదారిపై ట్రాఫిక్‌లో ఆగిపోయి, ఆలస్యంగా సైట్‌కు చేరింది, స్లంప్ 70 మి.మీ.కు పడిపోయింది. పంపు ఆపరేటర్ నీళ్లు కలపమన్నారు, సైట్ ఇంజినీర్ గారు ఒప్పుకోలేదు. ప్లాంటు ప్రతినిధి తాము వాడే అడ్‌మిక్చర్‌నే నిర్ణీత మోతాదులో కలిపి డ్రమ్మును తిప్పించాక స్లంప్ 115కు వచ్చింది, రెండు గంటల గడువు లోపలే దించేశారు.

ఆ సాయంత్రం లెక్క వేసి చూసుకున్నాను. మిక్స్‌లో ఘనపు మీటరుకు సిమెంటు 340 కిలోలు, నీరు 160 లీటర్లు, అంటే నిష్పత్తి 0.47. ఘనపు మీటరుకు 15 లీటర్ల నీరు అదనంగా చేరితే అది 0.515 అవుతుంది, కోడ్ పరిమితి దాటుతుంది. ఆరు ఘనపు మీటర్ల ట్రిప్పుకు అది 90 లీటర్లు, అంటే ఐదు బకెట్లు. తరగతిలో పట్టికలో చదివిన 0.50 అనే అంకె సైట్‌లో ఐదు బకెట్ల దూరంలోనే ఉందని తెలిశాక, నీళ్లు పోయవద్దని ఎందుకంత గట్టిగా చెబుతారో నాకు పూర్తిగా అర్థమైంది.

46 ఘనపు మీటర్లకు కోడ్ ప్రకారం నాలుగు నమూనాలు తీసుకోవాలి. ఒక్కో నమూనాకు ఆరు చొప్పున 24 క్యూబులు పోశాము. ఒక్కో క్యూబును మూడు పొరలుగా నింపి పొరకు 35 పోట్లు వేశాము. జూలై 4న పరీక్షించిన 28 రోజుల క్యూబుల్లో నాలుగు నమూనాల సగటు బలాలు వరుసగా చదరపు మి.మీ.కు 33.4, 31.8, 34.1, 32.6 న్యూటన్లు. వాటి మొత్తం సగటు 33.0. ఎం25 మిక్స్ లక్ష్య బలం 31.6 కాబట్టి నాలుగూ దానికి పైనే ఉన్నాయి.

నాణ్యతా తనిఖీ: కాంక్రీటుకు ముందు కవర్ కొలత

స్లాబ్ వేయడానికి రెండు రోజుల ముందు, జూన్ 4 మధ్యాహ్నం, పనిలేని సమయంలో ఒక బీమ్ పక్కన కూర్చుని చూస్తుంటే కింది వరస కడ్డీలు ఒకచోట సెంట్రింగ్ షీటుకు దాదాపు ఆనుకుని కనిపించాయి. స్కేలు పెట్టి చూస్తే 14 మి.మీ. ఉంది. ఉండవలసింది 30. కడ్డీలు కట్టడం పూర్తయిన జూన్ 2న సంతకాలు పెట్టిన తనిఖీ పత్రంలో కవర్ ఎదుట ‘సరిగా ఉంది’ అని ఉంది. ఈ రెండింటికీ పొంతన ఎందుకు లేదో తెలుసుకోవాలని సైట్ ఇంజినీర్ గారి అనుమతితో ఒక చిన్న తనిఖీ చేపట్టాను.

స్లాబ్ అడుగున 24, బీమ్‌ల అడుగున 8, బీమ్‌ల పక్కల 8, మొత్తం 40 చోట్లను ప్లాన్ మీద సమాన దూరాల్లో ముందే గుర్తించాను. తక్కువగా కనిపించిన చోట్లను మాత్రమే ఎంచుకున్నాననే అనుమానం రాకూడదన్నది నా ఉద్దేశం. కోడ్ ప్రకారం కవర్ నిర్దేశించిన దాని కంటే 10 మి.మీ. వరకు ఎక్కువ ఉండవచ్చు గానీ కొంచెం కూడా తగ్గకూడదు. అందుకని 30 నుంచి 40 మి.మీ. మధ్య ఉన్నవాటిని మాత్రమే సరైనవిగా లెక్కించాను.

| చోటు | కొలిచినవి | సరైనవి | తక్కువైనవి |
|---|---|---|---|
| స్లాబ్ అడుగు | 24 | 15 | 9 |
| బీమ్ అడుగు | 8 | 7 | 1 |
| బీమ్ పక్కలు | 8 | 5 | 3 |
| మొత్తం | 40 | 27 | 13 |

అంటే దాదాపు మూడో వంతు చోట్ల కవర్ చాలలేదు. స్లాబ్‌లోని తొమ్మిదింటిలో మూడు చోట్ల 20 మి.మీ. కూడా లేదు.

మొదట నేను సైట్‌లోనే పోసుకుంటున్న సిమెంటు కవర్ బ్లాకులను అనుమానించాను. గుట్టలోంచి 25 బ్లాకులు తీసి వెర్నియర్‌తో కొలిచాను. 18 బ్లాకులు 30 నుంచి 32 మి.మీ. మధ్య, 5 బ్లాకులు 27 నుంచి 29 మధ్య ఉన్నాయి. మిగిలిన రెండు చేత్తో నొక్కితేనే పగిలాయి. ఈ లోపం చిన్నది కాదు. కానీ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు సన్నగా ఉన్న బ్లాకు 30 ఉండవలసిన చోట 14 రావడానికి కారణం కాలేదు.

తక్కువైన తొమ్మిది చోట్లను ప్లాన్ మీద గుర్తు పెట్టినప్పుడు అసలు విషయం బయటపడింది. ఏడు చోట్లు మెట్ల దగ్గర నుంచి బాత్‌రూముల వైపు ఒకే వరుసలో పడ్డాయి. జూన్ 3, 4 తేదీల్లో కరెంటు పైపులు వేసే పనివారు సామాను మోసుకుంటూ నడిచిన దారి అదే. అక్కడ కొన్ని బ్లాకులు పక్కకు ఒరిగాయి, కొన్ని నలిగాయి. బ్లాకుల మధ్య ఎడం మీటరు ఉండాలని సైట్‌లో నియమం ఉన్నా ఆ వరుసలో 1.4 నుంచి 1.6 మీటర్లు ఉంది. అంత ఎడంలో 8 మి.మీ. కడ్డీ మనిషి బరువుకు వంగి మళ్లీ పూర్తిగా పైకి లేవదు. నేను కొలతలు చూపించినప్పుడు రాడ్ బెండింగ్ మేస్త్రీ, ‘మేము కట్టినప్పుడు సరిగ్గానే ఉంది బాబూ, ఆ తర్వాత దాని మీద ఎంతమంది తిరిగారో ఎవరు చూశారు?’ అన్నారు. ఆయన మాట సబబైనదేనని నా ప్లాన్ రుజువు చేసింది. జూన్ 2 నాటి తనిఖీ పత్రం అబద్ధం కాదు. అది కవర్ చెడిపోక ముందు జరిగిన తనిఖీ, అంతే.

జూన్ 5న మేస్త్రీ, ఇద్దరు సహాయకులు కలిసి సుమారు 60 కొత్త బ్లాకులు పెట్టి, నడక దారిలో ఎడాన్ని 0.75 మీటర్లకు తగ్గించారు. కడ్డీలను పైకి లేపి బైండింగ్ వైరుతో బ్లాకులకు కట్టారు. నడవడానికి చెక్క పలకలు పరిచారు. పోసిన బ్లాకులన్నీ కనీసం ఏడు రోజులు నీటిలో ఉన్నాకే వాడాలని సైట్ ఇంజినీర్ గారు నిర్ణయించారు. జూన్ 6 ఉదయం ఆరున్నరకు అవే 40 చోట్ల మళ్లీ కొలిచాను. 38 సరిగా ఉన్నాయి. 28, 29 మి.మీ. వచ్చిన రెండింటినీ మొదటి ట్రిప్పు వచ్చేలోగా సరిచేశారు.

ఈ తనిఖీకి ఉన్న పరిమితులు కూడా చెప్పాలి. ఇది కాంక్రీటు పోయక ముందు స్కేలుతో కొలిచింది. పోసేటప్పుడు పంపు గొట్టం ఈడ్చడం వల్ల, వైబ్రేటర్ తగలడం వల్ల కడ్డీలు ఎంత కదిలాయో ఇది చెప్పదు. గట్టిపడిన స్లాబ్‌లో కవర్ తెలుసుకోవడానికి కవర్ మీటర్ కావాలి, అది సైట్‌లో లేదు. సెంట్రింగ్ విప్పాక స్లాబ్ అడుగు భాగాన్ని టార్చి వెలుగులో పూర్తిగా చూశాను. ఎక్కడా కడ్డీ ఆనవాలు గానీ, కడ్డీ వెంట గీత గానీ కనిపించలేదు. అది ఊరట కలిగించేదే గాని రుజువు కాదు.

నేర్చుకున్నవి

కవర్ తగ్గితే ఉప్పుగాలిలోని క్లోరైడ్లు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కడ్డీని త్వరగా చేరతాయి. తుప్పు పట్టిన ఉక్కు మొదటి పరిమాణం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. విశాఖలో పాత భవనాల బాల్కనీల అడుగున పెచ్చులూడి కడ్డీలు బయటపడటం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. దాని మొదలు ఎవరో స్లాబ్ మీద నడిచిన ఒక మధ్యాహ్నంలో ఉండవచ్చని ఇప్పుడే తెలిసింది. 28 రోజుల క్యూబుల ఫలితం ఎంత బాగున్నా ఈ లోపాన్ని అది చూపించదు. నాలుగో అంతస్తు స్లాబ్‌ను జూన్ 4 నాటి స్థితిలోనే పోసి ఉన్నా మన క్యూబుల సగటు అదే 33.0 వచ్చేది.

తనిఖీ చేయడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు చేస్తామన్నదీ అంతే ముఖ్యమని ఈ శిక్షణలో అన్నిటికంటే లోతుగా నేర్చుకున్నాను. కరెంటు, ప్లంబింగ్ పనులు ముగిశాక, కాంక్రీటుకు కొద్ది గంటల ముందు కవర్‌ను మళ్లీ కొలవాలని నేను సూచించాను. సైట్ ఇంజినీర్ గారు దానిని తనిఖీ పత్రంలో వేరే వరుసగా చేర్చారు. కరెంటు పనివారు పైకి వెళ్లక ముందే నడక పలకలు పరచాలన్న మాట కూడా అందులో ఉంది.

జూన్ 30న ఐదో అంతస్తు స్లాబ్‌కు ముందు అదే పద్ధతిలో 40 చోట్ల కొలిచాను. సరిచేయక ముందే 37 సరిగా వచ్చాయి, స్లాబ్ అడుగున ఒక్కటీ తగ్గలేదు. తగ్గిన మూడూ బీమ్‌ల పక్కలవే. అక్కడ బ్లాకు నిలువు పలకకూ రింగుకూ మధ్య ఉంటుంది కాబట్టి పైన పరిచిన పలకలు దానిని కాపాడవు. వైరు కొంచెం వదులైతే అది జారిపోతుంది. రింగుకు గట్టిగా పట్టుకునే చక్రం ఆకారపు ప్లాస్టిక్ కవర్ బ్లాకులను బీమ్ పక్కలకు వాడి చూడాలని ప్రతిపాదించాను. అవి సైట్‌కు వచ్చేలోగా నా శిక్షణ కాలం ముగిసింది.