నవంబర్‌లో అయిపోతే జనవరి దాకా ఎందుకు ఆగారు?

ప్రధానోపాధ్యాయురాలు గారికి, తోటి ఉపాధ్యాయులకు, పిల్లల కోసం పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలూ, మీకందరికీ గణతంత్ర దినోత్సవ శుభాకాంక్షలు.

ఎక్కువసేపు మాట్లాడను. లడ్డూల డబ్బాలు స్టాఫ్ రూమ్‌లో ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పోయిన వారం ఏడో తరగతిలో జనవరి 26 ప్రత్యేకత ఏమిటని అడిగాను. క్లాసంతా ఒకే గొంతుతో "మన రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు సార్" అన్నారు. నేను వెరీ గుడ్ అనేలోపు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, పుస్తకంలో రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26న ఆమోదించారని ఉంది కదా. నవంబర్‌లోనే అయిపోతే జనవరి దాకా ఎందుకు ఆగారు?" అని అడిగింది. అంతలో గంట కొట్టారు. ఆ బాకీ ఇవాళ మీ అందరి ముందు తీర్చేస్తాను.

ముందుగా ఒక సంగతి. 1947 ఆగస్టు 15న మనకు స్వాతంత్ర్యం వచ్చింది, నిజమే. కానీ ఆ మర్నాడు బజారుకెళ్లిన మీ ముత్తాత జేబులో రూపాయి మీద ఎవరి బొమ్మ ఉందో తెలుసా? ఇంగ్లాండు రాజు ఆరో జార్జిది. పరిపాలన మన చేతికి వచ్చింది కానీ, కాగితం మీద మన దేశానికి పెద్ద ఇంకా ఆ రాజే. ఆయన తరఫున ఇక్కడ గవర్నర్ జనరల్ ఉండేవారు. మొదట మౌంట్‌బాటెన్, తర్వాత మన రాజగోపాలాచారి గారు. దేశం నడిచింది కూడా బ్రిటిష్ పార్లమెంటు చేసిన 1935 నాటి చట్టాన్ని అటూ ఇటూ సవరించుకుని. ఇల్లు మనదైంది, దస్తావేజులు మాత్రం ఇంకా పాత యజమాని పేరు మీదే ఉన్నట్టు.

కొత్త దస్తావేజు రాసే పని రాజ్యాంగ సభది. 1946 డిసెంబర్ 9న మొదటిసారి కూర్చున్నారు. పని పూర్తయ్యేసరికి దాదాపు మూడేళ్లు పట్టింది. ముసాయిదా కమిటీకి అంబేడ్కర్ గారు అధ్యక్షులు. ముసాయిదా మీద ఏడు వేలకు పైగా సవరణలు వచ్చాయి. అందులో దాదాపు రెండున్నర వేలు సభలో చర్చకొచ్చాయి. ఒక్కొక్కదానికీ ఎందుకు ఒప్పుకుంటున్నామో, ఎందుకు కుదరదో చెప్పాలి. వ్యాసం ఒక్కసారి దిద్ది ఇస్తేనే మీరు ముఖం మాడ్చుకుంటారు!

ఆ సభలో 15 మంది మహిళలు ఉండేవారు. వాళ్లలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు ఒకరు. ఆవిడ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు ఆవిడకు పద్నాలుగేళ్లు. అంటే మన తొమ్మిదో తరగతి పిల్లంత. పక్కనే ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబెట్టి, టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దన్నారు. ఒకాయన టికెట్ లేకుండా వచ్చారు. ఆపేసింది. ఆయన జవాహర్‌లాల్ నెహ్రూ. చుట్టూ ఉన్నవాళ్లు కంగారుపడ్డారు కానీ, టికెట్ కొన్నాకే ఆయన్ని లోపలికి వదిలింది. రూల్ అంటే అందరికీ రూలే అని పద్నాలుగేళ్లకే తెలిసిన పిల్ల, ఆ తర్వాత దేశానికి రూల్సు రాసే సభలో అదే నెహ్రూతో కలిసి కూర్చుంది.

సరే, అసలు ప్రశ్నకొద్దాం. తేదీ.

1929 డిసెంబర్‌లో లాహోరులో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడు నెహ్రూ. అప్పటిదాకా చాలామంది పెద్దలు బ్రిటిష్ సామ్రాజ్యంలోనే ఉంటూ స్వపరిపాలన ఇస్తే చాలనుకున్నారు. లాహోరులో ఆ మాట మారిపోయింది. ఇక కావాల్సింది పూర్ణ స్వరాజ్యమే అని తీర్మానించారు. డిసెంబర్ 31 అర్ధరాత్రి రావి నది ఒడ్డున, ఆ చలిలో, మూడు రంగుల జెండా ఎగరేశారు. జనవరి ఆఖరి ఆదివారాన్ని దేశమంతా స్వాతంత్ర్య దినంగా జరుపుకోవాలని పిలుపిచ్చారు. 1930లో ఆ ఆదివారం 26న వచ్చింది. ఊరూరా జనం గుమిగూడి ప్రతిజ్ఞ చదివారు.

అంటే పిల్లలూ, ఆగస్టు 15 కంటే ముందు మన స్వాతంత్ర్య దినం జనవరి 26. స్వాతంత్ర్యం రాకముందే పదిహేడేళ్లపాటు ఏటేటా జరుపుకున్నారు. తీరా వచ్చింది ఆగస్టులో. పాపం, జనవరి 26 ఏ పనీ లేకుండా మిగిలిపోయింది. ఆ జెండా ఎగరేసిన రావి ఒడ్డు కూడా దేశ విభజనలో సరిహద్దుకు అవతల ఉండిపోయింది.

అందుకే రాజ్యాంగం నవంబర్‌లో సిద్ధమైనా రెండు నెలలు ఆగారు. పౌరసత్వం, ఎన్నికలు లాంటి కొన్ని అధికరణాలు వెంటనే అమల్లోకి వచ్చాయి. మిగతా రాజ్యాంగమంతా 1950 జనవరి 26 నుంచి అమలవుతుందని అందులోనే, 394వ అధికరణంలో, రాసుకున్నారు. ఆ తర్వాతిది, అంటే చిట్టచివరిది 395. అది చేసిన పని ఒక్కటే: ఇందాక చెప్పిన 1935 చట్టాన్నీ, దానితోపాటు 1947 నాటి స్వాతంత్ర్య చట్టాన్నీ రద్దు చేయడం. పాత దస్తావేజు చించేయడమన్నమాట.

ఆ రోజు ఉదయం 10 గంటల 18 నిమిషాలకు ఢిల్లీలో, ఇప్పుడు రాష్ట్రపతి భవన్ అంటున్న భవనంలోని దర్బార్ హాలులో, భారతదేశం గణతంత్రమైందని ప్రకటించారు. ప్రకటన చదివింది ఎవరనుకున్నారు? చివరి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి గారే. తన పదవి ఇక లేదని తానే చదివి వినిపించారు. ఆరు నిమిషాల తర్వాత బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

గణతంత్రం, ప్రజాస్వామ్యం రెండూ ఒకటే అని పరీక్షల్లో రాస్తుంటారు, అందుకే ఇది కూడా చెప్తున్నాను. బ్రిటన్‌లో, జపాన్‌లో జనం ఓట్లు వేస్తారు, ప్రధాని ఉంటారు. ప్రజాస్వామ్యాలే. కానీ అక్కడ దేశానికి పెద్ద రాజు లేదా చక్రవర్తి, ఆ స్థానం పుట్టుకతో వస్తుంది. మన దగ్గర ఆ కుర్చీలోకి ఎన్నికైనవాళ్లే రావాలి. మీలో ఎవరికైనా ముప్పై ఐదేళ్లు నిండాక పోటీ చేసే అర్హత ఉంటుంది. నవ్వకండి, నిజమే చెప్తున్నాను.

ఇందాక జెండా చూశారుగా. స్తంభం పైనే మడిచి కట్టి ఉంది, మేడమ్ గారు తాడు లాగగానే ముడి విడి పూలు రాలాయి. ఢిల్లీలో ఆగస్టు 15న ప్రధాని జెండాను కిందనుంచి పైకి ఎగరేస్తారు. జనవరి 26న రాష్ట్రపతి పైన కట్టి ఉన్నదాన్నే విప్పుతారు. దేశం అప్పటికే స్వతంత్రమైంది కదా, జెండా పైనే ఉంది. మన బడిలో రెండుసార్లూ ఒకేలా చేస్తున్నాం, ఆ తప్పులో నా వాటా కూడా ఉంది. ఈసారి ఆగస్టులో కిందనుంచి లాగుదాం. పీఈటీ సారు ఇప్పుడే విన్నారు.

ఇప్పుడు పదో తరగతి అమ్మాయి వచ్చి రాజ్యాంగ పీఠిక చదువుతుంది. ఒక్కో ముక్క తను చెప్పాక మీరు చెప్పాలి. మొదటి మాట "భారత ప్రజలమైన మేము". ఆరో తరగతీ, మీరు బాగా వెనక ఉన్నారు, మీ గొంతు ఇక్కడిదాకా వినపడాలి. రామ్మా, మైకు తీసుకో.