సీతారావమ్మ గారికీ మనవడికీ అతికించాల్సిన మందుల లేబుళ్లు

తమ్ముడూ,

మధ్యాహ్నం ఆ ఇంటి కోడలు తెచ్చిన రెండు చీటీలు చూసి బిల్లు వెనకాల నేను గిలికిన నకలు నీ దగ్గరే ఉంది. అది చదవడానికి నాకే కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది. అందుకే ఒక్కో వరుస కిందా లేబుల్ మీదికి వెళ్లాల్సిన మాటలు పూర్తిగా రాశాను. పెద్దావిడకి తెలుగు బాగానే వచ్చు, చూపు మాత్రం అంతంతే. అక్షరాలు పెద్దవిగా ప్రింట్ తియ్యి. మాటలు మార్చకు.

లేబుల్ మీద 1-0-1 అని ఎక్కడా వెయ్యొద్దు. పోయినేడాది ఒక తాత దాన్ని ఒంటిగంటకొకటి, మళ్లీ ఒంటిగంటకొకటి అనుకున్నాడు. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ వేసుకున్నాడు పాపం.

చీటీలో: ట్యాబ్ థైరాక్సిన్ 50 ఎంసీజీ, 1-0-0, ఏసీ

ఎంసీజీ అంటే మైక్రోగ్రాము. నా రాతలో సీ అక్షరం సగమే పడింది, మిల్లీగ్రాము అనుకునేవు. లేబుల్ మీద పొట్టి అక్షరాలు వద్దు, పూర్తిగా వెయ్యి.

> థైరాయిడ్ మాత్ర – 50 మైక్రోగ్రాములు
> సీతారావమ్మ గారు, 64 ఏళ్లు
> రోజూ పొద్దున్నే 6 గంటలకు, పరగడుపున, ఒక మాత్ర.
> మంచినీళ్లతో మాత్రమే మింగాలి. కాఫీ, టీ, పాలతో వద్దు. ముప్పావు గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా తాగకూడదు.
> క్యాల్షియం మాత్రకీ దీనికీ 4 గంటలు ఎడం ఉండాలి.
> సీసా మూత బిగించి, ఎండ, చెమ్మ తగలని చోట పెట్టండి. మాత్రలు వేరే డబ్బాలోకి మార్చవద్దు.

చీటీలో: ఇంజెక్షన్ హ్యూమన్ ఇన్సులిన్ 30/70, 14యు-0-8యు, ఏసీ 30 మినిట్స్

నన్ను ఆపేసిన వరుస ఇదే. యూనిట్లకి రాసిన ఇంగ్లీషు యు అక్షరం పైన కలిసిపోయి గుండ్రంగా సున్నాలా ఉంది. 8 పక్కన ఆ గుండు చూస్తే ఎవరైనా 80 అనే చదువుతారు. రాత్రిపూట 80 యూనిట్లు పడితే పెద్దావిడ తెల్లారి లేవరు. డాక్టరు గారికి ఫోన్ చేసి అడిగాను: పొద్దున పద్నాలుగు, రాత్రి ఎనిమిది. అంకెతో పాటు అక్షరాల్లో కూడా వెయ్యి.

మనం ఇచ్చింది ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉండే సీసా. దానికి ఎర్ర మూత సిరంజే. నారింజ మూతది 100 యూనిట్ల మందుకి. పెట్టెలో ఏది పెట్టావో ఒకసారి తీసి చూడు.

> షుగర్ ఇన్సులిన్ – 40 యూనిట్ల సీసా
> సీతారావమ్మ గారు
> పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు: 14 (పద్నాలుగు) యూనిట్లు
> రాత్రి భోజనానికి అరగంట ముందు: 8 (ఎనిమిది) యూనిట్లు
> మధ్యాహ్నం లేదు.
> ఎర్ర మూత సిరంజితోనే ఎక్కించాలి.
> సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి పదిసార్లు మెల్లగా దొర్లించండి. గట్టిగా కుదపవద్దు. మందు పాలలా ఒకే రంగులో కనిపించాలి. ఉండలు కట్టినా, అడుగున తెల్లగా పేరుకుని కలవకపోయినా వాడవద్దు.
> పొట్ట మీద, బొడ్డుకి రెండు వేళ్ల దూరంలో, చర్మం కిందకి. రోజూ ఒకే చోట వద్దు, చోటు మార్చండి.
> సూది వేసుకున్నాక అరగంటలో తప్పకుండా తినాలి. తిండి దొరకదనుకుంటే సూది వెయ్యకుండా ముందు ఫోన్ చేయండి.
> చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, గుండె దడ వస్తే వెంటనే 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఒకసారి తాగి ఆసుపత్రికి వెళ్లండి. తెలివి లేనివాళ్ల నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

దాచుకునే సంగతి వేరే లేబుల్‌గా తియ్యి, సీసా చిన్నది, అన్నీ దాని మీద పట్టవు. ఇది పెట్టె మీద అంటించు:

> ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలి
> ఫ్రిజ్ మధ్య అరలో, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో.
> డీప్ ఫ్రీజర్‌లో వద్దు. ఐసు గడ్డకి ఆనించి వద్దు. ఒకసారి గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారేయండి.
> ఈ ఎండల్లో వాడుతున్న సీసా కూడా ఫ్రిజ్‌లోనే ఉంచండి. సూదికి పావుగంట ముందు బయట పెడితే చాలు.
> గంట రెండు గంటలు కరెంటు పోతే ఏమీ కాదు, ఫ్రిజ్ తలుపు తెరవకండి.
> సీసా తెరిచిన తేదీ: 12-05-2025. 28 రోజులు దాటితే, మందు మిగిలినా వాడవద్దు.
> రెండో సీసా ఇప్పుడే తెరవవద్దు.

వాళ్లకి ఒక సీసా 28 రోజులు రాదులే. సీసాలో ఉండేది 400 యూనిట్లు, రోజుకి 22 పోతే పద్దెనిమిది రోజులకే అయిపోతుంది. అయినా ఆ మాట ఉండనీ. మోతాదు తగ్గించిన రోజున అక్కరకొస్తుంది.

ఇంకో సంగతి. ఆవిడ శనివారం ఒక్కపొద్దు ఉంటారట. కోడలు చెప్తే గానీ తెలియలేదు. డాక్టరు గారికి చెప్పాను, ఆ రోజు మోతాదు ఆయనే మాట్లాడతానన్నారు. ఇది అదనంగా అంటించు:

> శనివారం ఒక్కపొద్దు ఉంటే ముందు రోజే డాక్టరు గారిని అడగండి. తినకుండా ఇన్సులిన్ వేసుకోవద్దు.

చీటీలో: ట్యాబ్ మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్, 1-0-1, పీసీ

ఎస్ఆర్ అంటే మెల్లగా కరిగే రకం. పళ్లు లేవని ఆవిడ అన్ని మాత్రలూ నూరి వేసుకుంటారని కోడలు నవ్వుతూ చెప్పింది. నవ్వే విషయం కాదది.

> షుగర్ మాత్ర – మెట్‌ఫార్మిన్ 500, మెల్లగా కరిగే రకం
> పొద్దున టిఫిన్ తిన్న వెంటనే ఒకటి. రాత్రి భోజనం చేసిన వెంటనే ఒకటి.
> నూరకూడదు, నమలకూడదు, విరవకూడదు. గొంతులో పట్టేస్తే ఎక్కువ నీళ్లతో మింగండి. అప్పటికీ మింగలేకపోతే మాకు చెప్పండి, డాక్టరు గారిని అడిగి వేరే రకం ఇస్తాం.
> ఒకపూట మరిచిపోతే తర్వాతి పూట ఒకటే. రెండు కలిపి వద్దు.
> విరేచనంలో మాత్ర పొట్టు కనిపిస్తే కంగారు లేదు, మందు లోపల కలిసిపోయింది.
> గదిలోనే, అట్టలోనే ఉంచండి.

చీటీలో: ట్యాబ్ టెల్మిసార్టన్ 40, 1-0-0

> బీపీ మాత్ర – 40 మిల్లీగ్రాములు
> రోజూ పొద్దున టిఫిన్ అయ్యాక ఒకటి. బీపీ బాగుందని మీ అంతట మీరు మానవద్దు.
> పడక మీంచి ఒక్కసారిగా లేవకండి, ఒక నిమిషం కూర్చుని లేవండి.
> అట్టలోంచి వేసుకునేటప్పుడే తియ్యాలి. ముందే తీసి డబ్బాలో పోస్తే చెమ్మ పీల్చుకుంటుంది.

చీటీలో: క్యాల్షియం 0-1-0 పీసీ, డీ3 60కే వీక్లీ x 8

వీక్లీ అన్న మాట మీదే అందరూ తడబడతారు. అరవై వేల యూనిట్ల గోళీని రోజూ వేసుకున్నవాళ్లని చూశాను. అందుకే తేదీలన్నీ రాసేశాను. ఒక్కోటీ వేసుకోగానే పెన్నుతో కొట్టేయమని చెప్పు.

> క్యాల్షియం మాత్ర
> మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి. పొద్దున వద్దు.

> విటమిన్ డీ గోళీ – వారానికి ఒక్కటే. రోజూ వద్దు.
> ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి.
> మే 18, మే 25, జూన్ 1, జూన్ 8, జూన్ 15, జూన్ 22, జూన్ 29, జూలై 6. అంతటితో ఆపేయాలి.
> ఎండ తగలని చల్లని చోట పెట్టండి. వేడికి గోళీలు ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఇక మనవడి చీటీ. నాలుగేళ్ల వాడు, తూకం 14 కిలోలు. పెన్సిలిన్ మందులు ఇదివరకు పడలేదా అని అడిగాను, అలాంటిదేమీ లేదన్నారు.

చీటీలో: సిరప్ అమాక్సీ-క్లావ్ 228.5, 5 ఎంఎల్ బీడీ x 5 డేస్

ఐదు రోజులకి యాభై మిల్లీలీటర్లు కావాలి, సీసా ముప్ఫైదే. అందుకే రెండు ఇచ్చాం. రెండూ ఒకేసారి కలిపేస్తారేమోనని నా భయం. మొదటిది మనమే కలిపిచ్చాం.

> యాంటీబయాటిక్ సిరప్ – చిన్నుకి, 4 ఏళ్లు, 14 కిలోలు
> పొద్దున 8కి 5 మిల్లీలీటర్లు, రాత్రి 8కి 5 మిల్లీలీటర్లు, తిండి మొదలుపెట్టేటప్పుడు.
> మొదటి మోతాదు సోమవారం (మే 12) రాత్రి. ఆఖరిది శనివారం (మే 17) పొద్దున. మొత్తం పదిసార్లు.
> జ్వరం తగ్గినా పదిసార్లూ పూర్తి చేయాలి.
> ప్రతిసారీ సీసా బాగా కుదపండి. ఇంట్లో చెంచా వద్దు, ఇచ్చిన కొలత మూతలో 5 గీత దాకా పోయండి.
> కలిపిన సీసా ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. 7 రోజులు దాటితే వాడవద్దు.
> కాస్త విరేచనాలు అవ్వచ్చు. ఒంటి మీద దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి.

> రెండో సీసా – గురువారం (మే 15) రాత్రి మోతాదుకి ముందు కలపాలి
> అప్పటిదాకా పొడిగానే, ఫ్రిజ్ బయట, చెమ్మ లేని చోట ఉంచండి.
> సీసా తట్టి పొడి వదులు చేయండి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లు సగం దాకా పోసి కుదపండి. నురగ దిగాక గీత దాకా మళ్లీ పోసి కుదపండి. వేడినీళ్లు వద్దు.
> పదో మోతాదు అయ్యాక మిగిలింది పారేయండి. మళ్లీ జ్వరం వస్తే వాడుదామని దాచవద్దు.

చీటీలో: సిరప్ పారాసిటమాల్ 250/5, 4 ఎంఎల్ ఎస్ఓఎస్

ఇంట్లో ఇదే మందు 125 రకం సీసా సగం ఉందట. రెండింటి రంగూ దాదాపు ఒకటే. పాతది వాడొద్దని నోటితో కూడా చెప్పు.

> జ్వరం సిరప్ – 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు
> జ్వరం 100.4 దాటితేనే 4 మిల్లీలీటర్లు. జ్వరం లేకపోతే వద్దు.
> మళ్లీ ఇవ్వాలంటే కనీసం 6 గంటలు ఆగాలి. రోజు మొత్తంలో 4 సార్లకి మించకూడదు.
> ఇంట్లో ఉన్న పాత సీసా కొలత వేరు. రెండూ కలిపి వాడవద్దు.
> జలుబు సిరప్ ఏదైనా ఇస్తుంటే ముందు మాకు చూపించండి, అందులోనూ ఇదే మందు ఉండొచ్చు.
> మూడు రోజులకీ జ్వరం తగ్గకపోతే డాక్టరు గారికి చూపించండి.
> గదిలో, ఎండ తగలకుండా, పిల్లాడికి అందని ఎత్తులో.

ఆఖరుగా ఫ్రిజ్ తలుపు మీదికి పెద్దావిడ కాగితం ఒకటి. పిల్లాడి మందులు ఇందులో కలపకు.

> సీతారావమ్మ గారి రోజు
> 6:00 – థైరాయిడ్ మాత్ర, నీళ్లతో
> 6:45 తర్వాత – కాఫీ, పంచదార లేకుండా
> 7:15 – ఇన్సులిన్ 14
> 7:45 – టిఫిన్, తర్వాత షుగర్ మాత్ర, బీపీ మాత్ర
> 1:00 – భోజనం, తర్వాత క్యాల్షియం (ఆదివారం విటమిన్ డీ కూడా)
> రాత్రి 7:30 – ఇన్సులిన్ 8
> రాత్రి 8:00 – భోజనం, తర్వాత షుగర్ మాత్ర

కోడలు ఆరున్నరకి వస్తానంది. సంచి ఇచ్చే ముందు ఎర్ర మూత సిరంజి ఒకటి తీసి, 14 గీత ఎక్కడో 8 గీత ఎక్కడో ఆవిడ చేతే వేలు పెట్టించి చూపించు. నేను గోడౌన్‌లో ఉంటాను, అనుమానం వస్తే పిలువు.